కొత్త పోయిందా?

మా అమ్మమ్మ అడిగిన ప్రశ్నల్లో నలభై ఏళ్ళ తర్వాత కూడా నన్ను వదలనిది ఒకటుంది. 1984 ఆషాఢం. పెళ్ళయి రెండు నెలలు కూడా నిండలేదు. పుట్టింటి అరుగు మీద కూర్చోబెట్టుకుని, నా జడ చిక్కు తీస్తూ, "కొత్త పోయిందా అమ్మా?" అంది. సుఖంగా ఉన్నావా అనలేదు. అబ్బాయి మంచివాడేనా అనలేదు. ఆ రెండూ అప్పటికే వీధంతా అడిగేసింది, అందరికీ ఊఁ కొట్టేశాను. ఈ ప్రశ్నకు మాత్రం ఊఁ కొట్టలేకపోయాను. ఊఁ అంటే నిజమో అబద్ధమో తేలిపోయే ప్రశ్న అది.

"కొత్త" అంటే నూతనం అని నిఘంటువు చెబుతుంది. కొత్త చీర, కొత్త ఇల్లు, కొత్త చింతపండు, ఇలా ఏ వస్తువు ముందైనా నిలబడే విశేషణం. కానీ ఇళ్ళల్లో మాట్లాడుకునే తెలుగులో దీనికి రెండో బతుకు ఉంది. అక్కడ ఇది నామవాచకం. ఏడాది పిల్లవాణ్ణి చుట్టాలు ఎత్తుకోబోతే బిక్కమొహం పెడతాడు. "వాడికి కొత్త" అంటుంది తల్లి. "కొత్త చేస్తున్నాడు, కాసేపుంటే అలవాటవుతాడు" అంటుంది. అందరి చంకా ఎక్కే పిల్లను చూసి "దీనికి కొత్తా పాతా లేదు" అంటాం. అంటే కొత్త అనేది మనిషిలో ఉండేది, మనిషి చేసేది, కొన్నాళ్ళకు మనిషిని వదిలి పోయేది. జలుబులాగా, బెరుకులాగా.

ఇదే మాట ఒక కాలానికీ పేరు. "పెళ్ళయిన కొత్తలో" అంటాం. "లో" చేరేసరికి అది గదిలాంటిది అయిపోయింది. మనం అందులో కొన్నాళ్ళు ఉంటాం. ఎన్నాళ్ళో చెప్పే తిథి మాత్రం ఏ పంచాంగంలోనూ లేదు.

ఇంకో సంగతి. ముక్కూమొహం తెలియని మనిషిని తెలుగువాళ్ళం "కొత్తవాడు" అంటాం. "అపరిచితుడు" పుస్తకాల మాట. ఆ మాట పరిచయం లేదని చెప్పి ఊరుకుంటుంది. "కొత్తవాడు" అలా ఊరుకోదు, కాలాన్ని కూడా లెక్కలోకి తెస్తుంది. ఇవాళ కొత్త అయితే రేపు అంత కొత్త కాదు, ఎల్లుండి ఇంకాస్త కాదు. తెలియనితనం దూరం కాదు, ఉత్త వయసు అని ఈ మాట నమ్ముతుంది. పెద్దలు కుదిర్చిన పెళ్ళిళ్ళన్నీ నిలబడ్డది ఈ నమ్మకం మీదే. ఎవరో తెలియని మనిషితో ఆడపిల్లను రైలెక్కించి పంపేవాళ్ళు ధైర్యం కోసం పట్టుకునే మాట "కొత్త కదా, నాల్రోజులుంటే అదే పోతుంది". అది పోతుందా, పోతే దాని చోట్లో ఏమొస్తుంది అన్నదే నేను తేల్చుకోదలచింది.

పాత రూపం "క్రొత్త". వాడుకలో రేఫ రాలిపోయింది. ప్రాత పాత అయినట్టు, క్రింద కింద అయినట్టు. వ్యాకరణంలో ప్రాతాది సంధి అని ఒకటి చదువుకున్నాం. ప్రాత, లేత, క్రొత్త లాంటి మాటలకు ఇంకో మాట తగిలితే మొదటి అక్షరం మిగిలి తక్కినదంతా లోపించడం కద్దు. క్రొత్త, నెల కలిస్తే క్రొన్నెల. క్రొత్త, మెఱుగు కలిస్తే క్రొమ్మెఱుగు. క్రొత్త, నన కలిస్తే క్రొన్నన, అంటే కొత్త మొగ్గ. కావ్యాల్లో ఈ "క్రొ" ఎక్కడ కనిపించినా దాని పక్కన అందమైనదేదో ఉంటుంది. నెలవంకో, మెరుపో, మొగ్గో. ఇంట్లో కొత్త పక్కన ఉండేది బెరుకు. కొత్త పెళ్ళికూతుర్ని చూడ్డానికి వచ్చినవాళ్ళకు కనిపించేది క్రొన్నెల. పీటల మీద కూర్చున్న పిల్లకు తెలిసేది కొత్త. ఒకే మాట, చూసేవాళ్ళ వైపు ఒకటి, కూర్చున్నవాళ్ళ వైపు ఇంకొకటి.

నా పెళ్ళి వైశాఖంలో అయింది. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. ఆయనది ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగం. ఆ ఊళ్ళో తెలుగువాళ్ళు తరాలుగా ఉన్నారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో పనికోసం వెళ్ళి స్థిరపడ్డ కుటుంబాలవి. పెళ్ళిచూపుల్లో మేమిద్దరం ఎదురెదురుగా కూర్చున్నది అరగంట. ఆయన నన్ను అడిగింది ఒకటే ప్రశ్న, "హిందీ వచ్చా?" అని. రాదన్నాను. ఫర్వాలేదన్నారు. "అమ్మాయికి ఇష్టమేనా?" అని మావాళ్ళు అడిగితే తలూపాను. అక్కడ "ఇష్టం" అంటే అభ్యంతరం లేదని అర్థం. ఆ మాటకు అంతకుమించి అర్థం ఉండే వీలు ఆ అరగంటలో లేదు.

రాజమండ్రిలో హౌరా మెయిలెక్కి మర్నాడు ఖరగ్‌పూర్‌లో దిగాం. ఆ స్టేషను ప్లాట్‌ఫారం చాలా పొడవు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదని పేరు. ట్రంకుపెట్టె ఆయన మోస్తుంటే, ఒడిబియ్యం సంచీ నేను పట్టుకుని, ఆయన వెనకాల నాలుగడుగుల ఎడంలో నడిచాను. ఎంత నడిచినా తరగదు. ఆ నడకంతా ఇద్దరం మాట్లాడలేదు.

క్వార్టర్సులో మొదటి వారం నాకు తెలిసిన కొత్తలు లెక్కపెడితే చాలా ఉన్నాయి. రేషన్ బియ్యం ఉప్పుడు బియ్యం. వండితే వచ్చే వాసన పడేది కాదు. తెల్లవారుజామున కాలవ చప్పుడు ఉండేది కాదు, వర్క్‌షాపు సైరన్ ఉండేది. గోల్ బజార్‌కి వెళ్తే కూరగాయలు తెలిసినవే, పేర్లే తెలియవు. వీటన్నిటి మీదా బెంగ పెట్టుకున్నాను. "బెంగ" దగ్గరా కాసేపు ఆగాలి. అది ఎప్పుడూ ఎవరో ఒకరి మీదో, దేనిమీదో ఉంటుంది. అమ్మ మీద బెంగ, ఊరి మీద బెంగ. దిగులుకి అలాంటి పట్టింపు లేదు, కారణం లేకుండానూ ఉండగలదు. పైగా బెంగ "పెట్టుకుంటాం". తల్లిపాలు మరిచిన పసివాడు బెంగ పెట్టుకుంటాడు, ఆవు పోతే దూడ బెంగ పెట్టుకుంటుంది. మనసులో ఒకచోట దాన్ని భద్రంగా దాచుకున్నట్టే ఉంటుంది ఆ క్రియ. నా బెంగంతా కొబ్బరి దింపు రోజున పెరట్లో వినిపించే కేకల మీద, కాలవ గట్టు మీద, అమ్మమ్మ మీద. ఇంట్లో ఉన్న మనిషి మీద ఏముందో నాకు తెలియదు. ఇష్టం లేదనడానికి కారణం దొరకలేదు. ఉందనడానికి సాక్ష్యం లేదు.

ఈ అయోమయంలో ఒక సంగతి నా చెవిన పడింది. నేను భాష చదువుకున్నదాన్ని కాదు అప్పటికి, అయినా పడింది. ఆయన నాతో మాట్లాడే వాక్యాల్లో నేను లేను.

"భోజనం అయిందా?" అనేవారు. "ఏమైనా కావాలా?" అనేవారు. "బజారుకి వెళ్ళాలా?" "నిద్ర వస్తోందా?" "ఉత్తరం వచ్చిందా?" ఇవే మాటలు. తెలుగులో కర్తను చెప్పకుండా వాక్యం నడుస్తుంది, కానీ క్రియ చివర కర్త దాక్కుని ఉంటాడు. "తిన్నావా" అంటే నువ్వు, "తిన్నారా" అంటే మీరు. ఎదుటి మనిషి నాకెంత దగ్గరో, ఎంత పెద్దో తేల్చుకోకుండా తెలుగులో "తినడం" గురించి అడగడం కుదరదు. తప్పించుకునే దారులు రెండు. క్రియను మనిషికి కాకుండా వస్తువుకి తగిలించడం ఒకటి, మనిషి తేడా పట్టని క్రియను పట్టుకోవడం ఇంకొకటి. తిన్నది నేనే అయినా, "అయింది" మాత్రం భోజనం. వెళ్ళేది నేనే అయినా "వెళ్ళాలా" అన్న క్రియకు నువ్వూ మీరూ అన్న తేడా పట్టదు. కావాలి, వచ్చింది, అయింది, ఉంది, ఇలాంటి నాలుగైదు క్రియల్లోనే ఆయన నెల్లాళ్ళు కాపురం చేశారు.

మా గోదావరి జిల్లాల్లో మా తరంలో మగవాడు భార్యను నువ్వు అనడం మామూలు. మా నాన్న అమ్మను అలాగే అనేవాడు. పెద్దరికం చూపించదలిస్తే మొదటి రోజే "నువ్వు" అనేయొచ్చు, ఎవరూ తప్పుపట్టరు. "మీరు" అంటే పక్కింటివాళ్ళు నవ్వుతారు. ఈ రెండూ కాక, ఏదీ అనలేక, వాక్యాలను వంకర తిప్పుకుంటున్న మనిషిని ఏమనాలి? వాడికి కొత్త, అంతే. ఏడాది పిల్లవాడికి ఏది ఉంటుందో అదే.

అప్పటిదాకా ఆ మాటను నా ఒక్కదాని సొత్తనుకున్నాను. ఇల్లు వదిలింది నేను, ఊరు వదిలింది నేను, ఉప్పుడు బియ్యం తింటున్నది నేను. కానీ "కొత్త" అనే మాట వ్యాకరణం ప్రకారం ఒక వైపు నిలబడదు. బెంగ ఒకరికే ఉండొచ్చు, ఇష్టం ఒకరికే ఉండొచ్చు, కోపం ఒకరికే ఉండొచ్చు. నాకు ఆయన కొత్త అయినప్పుడు ఆయనకు నేను కొత్త కాకుండా ఉండడం సాధ్యం కాదు. ఆరేళ్ళు తోటి బ్రహ్మచారులతో గది పంచుకుని మెస్సులో తిన్న మనిషి, ఉప్పెక్కువైన పప్పుచారును మాట్లాడకుండా తాగింది నా మీద దయతో కాదనీ, ఏ క్రియతో చెప్పాలో తెలియకనీ నాకు అప్పుడు తట్టింది. నేను మాత్రం ఏం చేశాను? ఆయన్ని పేరు పెట్టి పిలవకూడదు. "ఏమండీ" అనడానికి సిగ్గు. గ్లాసు గట్టిగా పెట్టి చప్పుడు చేసేదాన్ని.

ఆషాఢం వచ్చింది. అత్తా కోడలూ ఒక గడప దాటకూడదని కొత్త కోడల్ని పుట్టింటికి పంపే నెల. మా అత్తగారు మాతో ఉండకపోయినా ఆచారం ఆచారమే, అన్నయ్య వచ్చి తీసుకెళ్ళాడు. బెంగ తీరుతుందనుకున్నాను, తీరింది కూడా. అయితే మూడో రోజు తెల్లవారుజామున మెలకువ వచ్చి ఏదో వినబడలేదని లేచి కూర్చున్నాను. సైరన్. దాన్ని ప్రేమ అనుకుని మురిసిపోయేంత తెలివితక్కువదాన్ని కాదు. సైరన్ సైరనే. చెవికి కొత్త పోయింది, అంతవరకే.

అమ్మమ్మ ప్రశ్న అడిగింది ఆ వారంలోనే. "చెవికి పోయిందే, మనసుకి తెలీదు" అన్నాను. అమ్మమ్మ దువ్వెన ఆపలేదు. "ఆయన మీద బెంగగా ఉందా?" అంది. "లేదు" అన్నాను. అది నిజం. అమ్మమ్మ అంది కదా, "లేకపోతే లేదు. కొత్త పోవడం ముందు, తక్కినవి తర్వాత. అసలు అబ్బాయి ఏమని పిలుస్తాడు నిన్ను?"

చెప్పలేకపోయాను. ఏమనీ పిలవడు.

నెల చివర ఉత్తరం వచ్చింది, ఇన్లాండు కవరు. సంబోధన దగ్గర నా పేరొక్కటే ఉంది. దాని ముందూ వెనకా ఏమీ లేదు. చదువుతుంటే నవ్వొచ్చింది. వానలు మొదలయ్యాయి. కుళాయి బాగైంది. గోల్ బజార్‌లో పచ్చి బియ్యం దొరుకుతున్నాయని తెలిసింది, పది కిలోలు ఇంట్లో ఉన్నాయి. ప్రయాణం తేదీ తెలిస్తే స్టేషనుకి రావడం జరుగుతుంది. పేజీన్నర ఉత్తరంలో ఒక్క నువ్వూ లేదు, ఒక్క మీరూ లేదు. మాటల్లో తప్పించుకోవడం తేలిక, రాతలో పేజీన్నర తప్పించుకోవడానికి ఎంత కష్టపడి ఉండాలి! చివర సంతకానికి పైన, చోటు మిగిలిందని రాసినట్టు ఒక చిన్న వాక్యం ఉంది. "జాగ్రత్తగా రా."

"రా." ఒక్క అక్షరం. దానికి తప్పించుకునే దారి లేదు, అయితే "రా", కాకపోతే "రండి". నాకు సంబంధించినంత వరకు ఆయనకు కొత్త పోయిన తేదీ ఆ ఉత్తరం మీద పోస్టాఫీసు ముద్రలో ఉంది. నాది ఇంకొన్నాళ్ళకు పోయింది. శ్రావణంలో ఆ పొడుగాటి ప్లాట్‌ఫారం మీద దిగి, జనంలో ఆయన కనబడక, నలుగురూ వింటుండగా "ఏమండీ" అని కేకేశాను. గ్లాసు చప్పుడు అవసరం అక్కడితో తీరింది.

ఇష్టం ఎప్పుడు వచ్చిందంటే మాత్రం ఈ రోజుకీ చెప్పలేను. ఆ కేకతో రాలేదు. ఆ ఏడాది దసరాకీ వచ్చిందని చెప్పలేను. సంక్రాంతికి మా ఊరు వెళ్ళినప్పుడు ఆయన కొత్త అల్లుడి మర్యాదలకు ఇబ్బంది పడుతుంటే పక్కన నిలబడాలనిపించింది, అది ఇష్టమో జాలో తెలియదు. కొత్తకు పోయే తేదీ ఉంటుంది. ఇష్టానికి వచ్చే తేదీ ఉండదు. అందుకే భాష "ఇష్టపడ్డాను" అన్నా, నేను పడ్డ చోటు ఏదో నాకు కనబడలేదు. పెళ్ళయిన కొత్తలో ఆడపిల్లలు తమ మనసు తమకు అంతుచిక్కక బాధపడేది సగం ఇందుకే. ఇష్టం వచ్చిందా అన్న ప్రశ్నకు జవాబు దొరకడం లేదని, కొత్త పోయిందా అన్న ప్రశ్న కూడా వేసుకోరు.

ఈ మాటను పొగిడి ఊరుకుంటే మోసం అవుతుంది. మా వరసలోనే నాలుగిళ్ళ అవతల నా ఈడు పిల్ల ఒకతి ఉండేది. నాకంటే ఏడాది ముందు వచ్చింది. ఏమ్మా అలా ఉన్నావంటే "కొత్త కదండీ" అనేది. వాళ్ళమ్మా ఉత్తరాల్లో అదే రాసేదట, కొత్తలో అంతేనమ్మా, సర్దుకుంటుంది అని. ఒకరోజు మా ఇంట్లో పప్పు రుబ్బుతూ కబుర్లు చెబుతోంది. వీధిలో ఎవరిదో సైకిలు స్టాండు వేసిన చప్పుడైంది. మాట మధ్యలో ఆగిపోయింది. చెయ్యి ఆగిపోయింది. ఆ చప్పుడు వాళ్ళాయనది కాదని తెలిశాక కూడా ఆ మాట మళ్ళీ మొదలవలేదు. చేతి మీద కమిలిన గుర్తు తర్వాతెప్పుడో చూశాను. అది కొత్త కాదు, భయం.

రెంటికీ మొదట్లో ఒకే మొహం ఉంటుంది. తల వంచుకోవడం, మాట తక్కువ కావడం, పుట్టింటి మీద బెంగ. తేడా తెలిసేది కాలం గడిచాక. కొత్త ఉన్నచోట రోజురోజుకీ మాటలు పెరుగుతాయి. "అయిందా" కాస్తా "తిన్నావా" అవుతుంది, గ్లాసు చప్పుడు "ఏమండీ" అవుతుంది, ఉప్పెక్కువైందని చెప్పడమూ మొదలవుతుంది. భయం ఉన్నచోట మాటలు తగ్గుతాయి. ఎదుటి మనిషి ఎంత తెలిసొస్తే అంత తగ్గుతాయి. పసివాడు కొత్త చేసేది ముక్కూమొహం తెలియని చుట్టాన్ని చూసి. తెలిసిన మనిషిని చూసి ఏడిస్తే ఏ తల్లీ దాన్ని కొత్త అనదు, ఏదో జరిగిందని వెతుకుతుంది. పెళ్ళయి ఏడాదైన కూతురి విషయంలో ఆ తల్లులే ఈ మాట వెనక ఎందుకు దాక్కుంటారో నాకు అర్థం కాదు. ఆ పిల్లను చివరికి వాళ్ళన్నయ్య వచ్చి తీసుకెళ్ళాడు. మళ్ళీ తిరిగి రాలేదు. వరసలో కొందరు సర్దుకోలేకపోయిందన్నారు. సర్దుకోవడం సామాను విషయంలో సరైన మాట.

ఇప్పుడు మా ఇంట్లో పెళ్ళిళ్ళు అమెరికా దాకా వెళ్తున్నాయి. పెళ్ళికి ముందు నెలల తరబడి వీడియోల్లో మాట్లాడుకుంటున్నారు, అరగంట పెళ్ళిచూపుల కాలం కాదు. అయినా చెల్లెలి కూతురు కాపురానికి వెళ్ళిన మొదటి నెల ఫోన్లో "పెద్దమ్మా, మాట్లాడడం అలవాటే, ఒకే ఇంట్లో ఉండడం కొత్త" అంది. ఎంత మాట్లాడుకున్నా ఉత్తరంలో కనబడని సంగతులు కొన్ని, తెరమీద కనబడని సంగతులు కొన్ని ఉంటాయి. తలుపు ఎంత గట్టిగా వేస్తాడు, అన్నంలో పెరుగు ఎప్పుడు కలుపుతాడు, కోపం వస్తే ఏ గదిలోకి వెళ్తాడు. వీటి కొత్త పోవాల్సింది ఇంట్లోనే. అంతదూరాన ఆమె బెంగ పెట్టుకోవడానికి ఊరూ లేదు, హైదరాబాదులో మూడో అంతస్తు బాల్కనీ ఉంది. ఆ బాల్కనీలో కుండీల మీద బెంగ. బెంగకు కాలవ గట్టే కావాలని ఏమీ లేదు.

ఆ పిల్లను సుఖంగా ఉన్నావా అని నేను అడగలేదు. అతనంటే ఇష్టం కలిగిందా అనీ అడగలేదు. ఇంగ్లీషూ తెలుగూ కలిపి మాట్లాడుకునే వాళ్ళకు మా "అయిందా"లు లేవు కనుక, ఇంకోలా అడిగాను. "పోయిన నెలకంటే ఈ నెల అతనితో ఎక్కువ మాట్లాడుతున్నావా, తక్కువ మాట్లాడుతున్నావా?" అని. కాసేపు ఆలోచించి, "ఎక్కువే. నిన్న కూర బాలేదని పోట్లాడాడు" అంది.

కొత్తగా పెళ్ళయిన పిల్ల మీ ఇంట్లో ఉంటే మీరు కూడా ఈ ప్రశ్నే అడగండి. ఎక్కువ అంటే కొత్త పోతోంది, మిగతా సంగతి వాళ్ళిద్దరికీ వదిలేయండి. తక్కువ అంటే అది కొత్త కాదు. రైలెక్కి వెళ్ళండి.